దీపా, పంపను

జూలై 6, ఆదివారం

కొత్త సంవత్సరానికి చర్చి యూత్ వాళ్లిచ్చిన డైరీ ఇది. ఆరు నెలలు బీరువాలో పడుకుని ఇవాళ నిద్ర లేచింది. ప్రతి పేజీ పైన ఒక వాక్యం అచ్చేసి ఉంది, కింద గీతలు. పై వాక్యం చదివితే అది నన్నే అంటున్నట్టు ఉంటుంది కాబట్టి చదవను. కింద గీతల్లో మాత్రం రాసుకుంటాను.

రాయడానికి కారణం ఉంది. ఈ నెల ఇరవై మూడున మా మైనింగ్ డిప్లొమా పిల్లల్ని మొదటిసారి భూగర్భ గనిలోకి దించుతున్నారు. అందరినీ కాదు. మంగళవారం గాలి, గ్యాసుల మీద ఆన్‌లైన్ పరీక్ష ఉంది. ఇరవైకి పన్నెండు వచ్చినవాళ్లే మొదటి బ్యాచి. తక్కినవాళ్లు దసరా తర్వాత.

కాలేజీలో చేరిన రోజే నేనూ దీపా ఒట్టు పెట్టుకున్నాం. దిగితే ఇద్దరం ఒకే రోజు దిగాలని. క్లాసులో ఆడపిల్లలం మేమిద్దరమే. మగపిల్లలు మమ్మల్ని చూసి "లోపల చీకటుంటది, ఏడుస్తరు" అన్నారు. అప్పుడు దీప అన్నది, "ఏడిస్తే ఇద్దరం ఒక్కసారే ఏడుస్తం, మీకేం బాధ?" అని. ఆ మాటకే నేను దాని దోస్తునైపోయాను.

నాకు భయం లేదు, నాకు లెక్కలు వస్తాయి. దీపకు గ్యాసులు నోటికి వచ్చు, లెక్కలంటే మాత్రం చెమటలు. అయినా పన్నెండు వస్తాయి. వస్తాయిలే.

జూలై 8, మంగళవారం

పరీక్ష అయింది. వరసగా రాస్తాను.

పరీక్ష నాలుగున్నరకు మొదలైంది. ల్యాబులో కంప్యూటర్లు బాగు చేస్తున్నారని ఎవరింట్లో వాళ్లనే రాయమన్నారు. నేను ల్యాప్‌టాప్ ముందు, ఫోను పక్కన. ఇంటర్నెట్ ఫోను నుంచే రావాలి కాబట్టి దాన్ని ఆపడానికి లేదు. మొదటి పేజీలో ఒక గడి: "ఈ జవాబులు నా సొంతం, ఎవరికీ ఇవ్వను, ఎవరి దగ్గరా తీసుకోను." దాన్ని నొక్కితేనే ప్రశ్నలు తెరుచుకుంటాయి. నొక్కాను.

అర్ధగంట, ఇరవై ప్రశ్నలు. ఒకసారి ఒకటే కనిపిస్తుంది. వదిలేసినవాటికి మళ్లీ వెనక్కి రావచ్చు. పై మూలన గడియారం ఎర్రగా తరుగుతూ ఉంటుంది. మీథేన్ ఎంత శాతం దాటితే కరెంటు ఆపాలి? ఒకటింబావు. తేలికగా ఉండి కప్పును అంటుకుని ఉండే గ్యాసు ఏది? మళ్లీ మీథేనే. ఇట్లా గాలిలో తేలినట్టు పోతున్నాను. అప్పుడు ఫోను టింగుమంది.

దీప. "7, 11, 14 పంపవా. జల్ది. నీకు తెల్సు గదా ఎందుకో."

తెలుసు. ఒకే రోజు దిగాలన్న ఒట్టు కోసం.

నా ఏడో ప్రశ్న దాని ఏడో ప్రశ్న కాదు. ఒక్కొక్కరికి ఒక్కో వరసలో వస్తాయి. అది రాద్దామనుకునేలోగా ఫోటో వచ్చింది. ల్యాప్‌టాప్ తెరను ఫోనుతో తీసింది, కొంచెం వంకరగా. గ్యాలరీ (గనిలో సొరంగం లాంటి దారి) వెడల్పు 4.2 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, గాలి వేగం నిమిషానికి 50 మీటర్లు. నిమిషానికి ఎంత గాలి పోతుంది? నాకు కూడా ఈ ప్రశ్నే వచ్చింది, అంకెలు వేరు. నాది 450. దానిది వేరే వస్తుంది. కళ్లతోనే చేసెయ్యొచ్చు. నా కళ్లు చేసేశాయి కూడా. ఆ అంకె బొటనవేలి దాకా వచ్చి ఆగింది.

మొదట "నాక్కూడ వస్తలేదే" అని రాశాను. అబద్ధం. దీపకు తెలుస్తుంది, దానికన్నా ముందు నాకు తెలుస్తుంది. చెరిపేశాను.

తర్వాత "గట్ల అడగొద్దు దీపా, పరీక్షంటే నమ్మకం" అని మొదలుపెట్టి, ఇది సార్ గొంతు అని నవ్వొచ్చి చెరిపేశాను. టైము తరిగిపోతుంటే ఎవరికి కావాలి ఉపన్యాసం?

"ఆగు, జెరసేపైనంక చూస్త" అని రాశాను. ఇది ఇంకా మోసం. అది నా కోసం కూర్చుని ఉన్న టైము కూడా పోగొట్టుకుంటుంది. చెరిపేశాను.

"వెడల్పు, ఎత్తు గుణించి" అని రాశాను. రాసి చూసుకుంటే అది కూడా జవాబే. గడి నొక్కింది నేనే. చెరిపేశాను.

చివరికి పంపింది ఇది:

"దీపా, పంపను. ఇప్పుడు చిన్న ఇషారా కూడ ఇయ్యను. నీ మీద కోపం లేదు, నువ్వు కూడ నా మీద పెట్టుకోకు. టైం పోతుంది, ఫోన్ బోర్ల పెట్టి నీకొచ్చింది రాయి. ఒక్కటి రాకుంటే ఇడిచిపెట్టి ముందుకు పో. అయిపోయినంక మీ ఇంటికి వస్త. రానియన్ని కలిసి చేద్దం."

పంపిన వెంటనే రెండు నీలం గీతలు పడ్డాయి. చదివేసింది. జవాబు లేదు.

దీపకు సొంత ఫోను లేదు, వాళ్ల బాపు జైపాల్ కాకది వాడుతుంది. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు, గ్యాసు భయం. కాబట్టి కాక దిగితే ఫోను దీపది, కాక పైకొస్తే ఫోను కాకది. మా కాలనీ పిల్లలం ఒకరికొకరం మెసేజీ పెట్టాలంటే ముందు ఎవరి నాన్నది ఏ షిఫ్టో చూసుకుంటాం. ఈ వారం కాకది సెకండ్ షిఫ్టు. అంటే మూడింటికే దిగి ఉంటాడు. ఫోను దీప చేతిలోనే ఉంది. దీపే చదివింది, దీపే ఊరుకుంది.

ఆ మెసేజీ రాసేసరికి నా టైము ఎంత పోయిందో, చివరి రెండు ప్రశ్నలు తెరవకుండానే పరీక్ష తనంతట తను మూసుకుపోయింది. పోతే పోనీ. నాకు పన్నెండు దాటుతాయి. దానికి?

అదే రోజు, చీకటి పడ్డాక

దీప వాళ్లింటికి వెళ్లలేదు. వాన పడేటట్టు ఉంది.

జూలై 9, బుధవారం

వాన పడలేదు. తలనొప్పి. వెళ్లలేదు.

జూలై 10, గురువారం

చౌరస్తాలో రోజూ మేమిద్దరం ఒకే షేర్ ఆటో ఎక్కుతాం. ఇవాళ నేను వచ్చేసరికే దీప ముందు ఆటోలో ఉంది. నన్ను చూసింది. చూసి, డ్రైవరుతో ఏదో అంది. ఆటో కదిలిపోయింది. అందులో ఇంకా ఇద్దరికి జాగా ఉంది, నేను చూశాను.

క్లాసులో నా పక్కన కూర్చోలేదు. మధ్యాహ్నం సంపత్ వెనక బెంచీ నుంచి, "ఏందే రెజీనా, దోస్తాన కటీఫా?" అన్నాడు. "నీ పని నువ్వు చూస్కో" అన్నాను. గొంతు బాగానే వచ్చింది.

నేను చేసింది తప్పు కాదు. ఈ మాట ఇవాళ నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. తప్పు కానప్పుడు అన్నిసార్లు ఎందుకు చెప్పుకోవాలో తెలియడం లేదు.

అమ్మ గమనించింది. అమ్మ కంపెనీ దవాఖానలో నర్సు, ముఖం చూసి జ్వరం చెప్పేస్తుంది. "దీపోళ్లింటికి పోతలేవేంది?" అంది. "చదువుకోవాలె" అన్నాను. "పరీక్ష అయిపోయింది గదా" అంది. ఈ ఇంట్లో అందరికీ అన్నీ గుర్తే.

జూలై 11, శుక్రవారం

మార్కులు వచ్చాయి. నాకు పదహారు. దీపకు పది.

పది. రెండు మార్కులు తక్కువ. అది అడిగినవి మూడు ప్రశ్నలు.

వీరేందర్ సార్ క్లాసులో నిలబడి మార్కుల కాగితం ఇటు నుంచి అటు తిప్పి చూశారు. తర్వాత మెత్తగా అడిగారు. "గ్యాలరీ గాలి లెక్కకు ఎవరెవరికి నాలుగొందల యాభై వచ్చిందో చేతులు లేపండి." పదకొండు చేతులు లేచాయి, పాపం గర్వంగా. "ఆ ప్రశ్నల అంకెలు మనిషికి మనిషికి మారుతయి. నాలుగొందల యాభై ఇద్దరికే వచ్చేటట్టు అంకెలిచ్చిన. ఒకరు రెజీనా, ఇంకొకరు సంపత్. తొమ్మిదిమందికి ఎట్ల వచ్చిందో చెప్పున్రి."

తొమ్మిది చేతులు కిందికి దిగాయి. సంపత్ ఒక గ్రూపు పెట్టాడట, దానికి జవాబు పంపుతూ పోయాడట. అందరూ తమ ప్రశ్న కింద వాడి అంకె పెట్టేశారు. రుత్విక్ అయితే పక్కన 'క్యూబిక్ మీటర్లు' అని కూడా ముద్దుగా రాశాడు. ఆ గ్రూపులో దీప ఎందుకు లేదంటే అది వాళ్ల బాపు నెంబరు. కాపీల గ్రూపులోకి జైపాల్ కాకను ఎవడు చేర్చుకుంటాడు?

సార్ అన్నారు, పన్నెండు రానివాళ్లకు, ఆ తొమ్మిదిమందికి, పంచిపెట్టిన సంపత్‌కు మంగళవారం మళ్లీ పరీక్ష అని. ప్రశ్నలు కొత్తవి. ల్యాబు ఇంకా తయారు కాలేదు, ఇంట్లోనే. "ఈసారి గూడ గడి నొక్కుతరు. నొక్కే ముందు చదవున్రి" అన్నారు.

ఇంకో అవకాశం ఉంది. నేను లెక్కలు నేర్పితే దానికి వస్తాయి. నేర్పాలంటే మాట్లాడాలి. అది మాట్లాడదు. నేనూ మాట్లాడను, ఎందుకంటే అది మాట్లాడదు. బాగుంది.

జూలై 12, శనివారం

ఇవాళ్టి పేజీ చాలదు. రేపటిది కూడా వాడుకుంటాను.

సాయంత్రం జైపాల్ కాక వచ్చాడు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తల దువ్వుకుని, చేతిలో జిలేబీ పొట్లం. నేను తలుపు సందులోంచి చూసి లోపలి గదిలోకి పోయాను. సెకండ్ షిఫ్టులో ఉండాల్సిన మనిషి సాయంత్రం మా వాకిట్లో ఎట్లా ఉన్నాడన్నది అప్పుడు తట్టలేదు.

"రెజీనా ఉన్నదా సుసన్నక్క?"

"ఉన్నది అన్న, రా. జిలేబీ ఎందుకు?"

"దీపకు మార్కులొచ్చినయి. ఇరవైకి పది."

"పాసేనా?" అంది అమ్మ.

"ఫేలే. పన్నెండు గావాలె."

అమ్మ పొట్లం వంక, కాక వంక చూసింది. ఫేలైతే జిలేబీ పంచే మనిషిని అమ్మ దవాఖానలో కూడా చూసి ఉండదు. "రెజీనా, ఇటు రా" అని పిలిచింది. తప్పించుకునే దారి లేదు, మా క్వార్టరుకు ఒకటే తలుపు.

కాక కుర్చీలో కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు.

"మంగళారం పరీక్షప్పుడు మెసేజ్ రాసినవ్ గదా బిడ్డ."

"దీపకు రాసిన కాక."

"దీపకే. నా చేతుల పడ్డది. మావోని బిడ్డ లగ్గమున్నదని గీ వారం షిఫ్టు మార్చుకున్న, ఫస్టుకు పోతున్న. అన్నం తిని, దీప ముంగట ఉన్న ఫోన్ తీసుకొని వాకిట్ల కూసున్న. టింగుమన్నది."

ఆ నీలం గీతలు కాకవి. పైన దీప అడిగింది, ఫోటో, అన్నీ కాక చూసి ఉంటాడు. నేను దాన్ని వాళ్ల బాపుకు పట్టిచ్చినట్టే అయింది.

"కాక, నాకు తెల్వది. మీరు సెకండ్ షిఫ్టులున్నరనుకున్న. దీపను ఏమన్న అన్నరా?"

"ఏమంట? అడిగింది, నువ్వియ్యనన్నవ్. అక్కడికి ఆ ముచ్చట అయిపోయింది. పాపం దానికి నీ మెసేజ్ అందనే లేదు, ఫోన్ వాపస్ ఇస్తనేమోనని ఎదురు జూసి జూసి దానంతట అదే రాసుకున్నది. గీ పది మార్కులల్ల ఎవలియి లేవు, అన్ని దానియే. అందుకే జిలేబీ." కాక మీసం సవరించుకున్నాడు. "నువ్వు గూడ మంచిగ రాసినవ్. తిట్టలే, నీతులు చెప్పలే, నాన్చలే. పంపనంటే పంపను. నేనైతే గంత మంచిగ చెప్పకపోదు. రెండుసార్లు చదివిన."

నేను ఊపిరి తీసుకున్నాను. అనవసరంగా తీసుకున్నాను.

"గాని కింద ఇంకోటి రాసినవ్. అయిపోయినంక మీ ఇంటికి వస్తనన్నవ్. వచ్చినవా?"

అమ్మ నన్ను చూసింది. నేను జిలేబీని చూశాను.

"మా అవ్వకు చెప్పిన, రెజీనా వస్తదట అని. అవ్వ పొయ్యి మీద సర్వపిండి పెట్టింది. గీ పోరి ఆకలికాగదని పెద్దగ పెట్టింది. నేను రెండు కుర్చీలు వాకిట్లేసిన. వానొస్తదేమోనని లోపలేసిన. రాలేదని మళ్ల బయటేసిన. ఎనిమిది దాక జూసి అవ్వే తిన్నది, తిట్టుకుంట తిన్నది." కాక గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. "పంపనన్నవ్, పంపలే. వస్తనన్నవ్, రాలే. రెండూ నువ్వే రాసినవ్ గదా బిడ్డ. ఒక్కటే చేస్తే ఎట్ల?"

నిజమే. నాలుగు రోజులుగా నేను చేసింది తప్పు కాదని ఎన్నిసార్లు చెప్పుకున్నానో అన్నిసార్లూ పంపకపోవడం గురించే చెప్పుకున్నాను. వెళ్లకపోవడం గురించి వానను, తలనొప్పిని అడ్డం పెట్టుకున్నాను. దీప ముఖం చూడాలంటే భయమేసింది, అంతే. ఆ మాట ఈ డైరీకి కూడా చెప్పలేదు.

"రేపొస్త కాక" అన్నాను.

"రాస్తవా, వస్తవా?" అన్నాడు కాక. అమ్మ నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఫేలైన జిలేబీ రెండు తిన్నాను. చాలా బాగుంది.

జూలై 13, ఆదివారం

చర్చి నుంచి నేరుగా వెళ్లాను. మంచి చీరలోనే.

దీప వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి తడి దుప్పటి వెనక నిలబడింది. దుప్పటికి ఇటు నేను, అటు అది. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"కోపమా?" అన్నాను.

"కోపం లేదు."

"మరి గురువారం ఆటోల జాగ ఉండంగ ఎందుకు పోయినవ్?"

"సిగ్గైందే. బుధవారం పొద్దుగాల బాపు డ్యూటీకి పోయినంక ఫోన్ చూసిన. నీ మెసేజ్ ఉన్నది. నీలం గీతలు పడ్డయి. నేను చదవకముందే పడ్డయి అంటే బాపు చదివిండు. బాపు ఒక్క మాటన్లే. అన్నం పెడ్తే తింటడు, నవ్వుతడు. గదే నరకం." దుప్పటి వెనక కాళ్లు ఒకదాన్నొకటి గోకాయి. "నువ్వేమో వస్తనని రాలే. గట్ల అడిగినందుకు నాతోని దోస్తాన వద్దనుకున్నవేమో అనుకున్న."

అదే నేనూ అనుకున్నాను, తలకిందులుగా. దుప్పటి ఎత్తి లోపలికి పోయాను. ఇద్దరం కాసేపు తడిగుడ్డ కింద పిచ్చివాళ్లలా నవ్వాం. దీప వాళ్ల నాయనమ్మ సమ్మవ్వ గుమ్మంలోంచి, "దుప్పటి కింద పడ్డదంటే మళ్ల మీరే ఉతకాలె" అంది.

"ఆ గాలి లెక్క ఏం రాసినవ్?" అని అడిగాను.

"ఆర్నూట ముప్పై. నువ్వు పంపలేదు, ఏం జెయ్యాలె? మూడుసార్లు గుణించిన."

కరెక్టు. నా బొటనవేలి దగ్గర ఆగిపోయిన అంకె అదే. దానికి చెప్పాను. అది వెంటనే నమ్మలేదు, లోపలికి పోయి మళ్లీ గుణించి వచ్చింది.

లెక్కలు పుస్తకంలో చెబితే దానికి ఎక్కవు. కాబట్టి రెండు క్వార్టర్ల మధ్య సందునే గ్యాలరీ చేశాం. వెడల్పు రెండు మీటర్లు. రేకుల కప్పు ఎత్తు మూడు. గాలి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకు పోతోంది. గనిలో గాలి మెల్లగా ఉన్నచోట పొగ వదిలి చూస్తారు కదా, మేం అగరుబత్తి వెలిగించి సమ్మవ్వ చేతికిచ్చాం. నేల మీద బొగ్గుతో ఐదు మీటర్లకు గీత గీశాం. పొగ అవ్వ దగ్గర బయలుదేరి గీత దాటేసరికి పది సెకన్లు.

"నిమిషానికి ఎంత పోతది?" అన్నాను.

దీప వేళ్లు మడిచింది. "ఆరు పదులు. ఆరైదులు ముప్పై. ముప్పై మీటర్లు."

"గ్యాలరీ?"

"రెండు మూళ్లు ఆరు. ఆరు ముప్పైలు నూట ఎనభై." అని, సందు చివరి దాకా పరుగెత్తింది. "అవ్వా, మన సందుల నిమిషానికి నూట ఎనభై క్యూబిక్ మీటర్ల గాలి పోతుంది."

"పోనీ తియ్" అంది సమ్మవ్వ. "చెయ్యి గుంజుతుంది, ఇంక ఎంతసేపు పట్టాలె దీన్ని?"

తర్వాత సర్వపిండి తిన్నాం, ఈసారి వేడిగా. అవ్వ నాకు రెండు ముక్కలు ఎక్కువ వేసి, మంగళవారంవి అంది.

జూలై 15, మంగళవారం

దీప మళ్లీ పరీక్ష రాసింది. కాక తన షిఫ్టుకు తను పోయాడు, గనిలో ఉన్నాడు. ఫోను నిజంగానే దీప దగ్గర ఉంది. పరీక్షకు ముందు ఆ నెంబరుకే ఫోను చేసి కూడా అడిగాను, ఈసారి ఎవరు ఎక్కడున్నారో తెలుసుకునే ఊపిరి పీల్చుకున్నాను.

పరీక్ష కాగానే పరుగున మా ఇంటికి వచ్చింది. బాగా రాసినట్టే ఉంది ముఖం. కాని ఏదో నవ్వు ఆపుకుంటోంది.

"ఏమైందే?"

"రుత్విక్ అడిగిండు. నడుమల, పరీక్షల. 'మూడోది పంపు దీప, ప్లీజ్' అని."

"పంపినవా?"

"ఛీ. లేదు. కాని ఏం రాయాలె? టైం పోతుంది. నాకు నీ తీరు మంచిగ రాయ రాదు. పైన నీ మెసేజ్ ఉన్నది గదా. కాపీ కొట్టి వానికి పంపిన."

చూపించింది. రుత్విక్ పేరు కింద, నా మెసేజీ మొత్తం, ఒక్క అక్షరం తేడా లేకుండా:

"దీపా, పంపను. ఇప్పుడు చిన్న ఇషారా కూడ ఇయ్యను…"

నేను మంచం మీద పడి నవ్వాను. 'దీపా' కూడా ఉంది. రుత్విక్ జవాబు కింద ఉంది: "నేను రుత్విక్. దీప నువ్వే గదా?" దాని కింద ఇంకొకటి, పరీక్ష అయ్యాక పెట్టింది: "సరే. మా ఇంటికి ఎప్పుడొస్తవ్? మా ఇల్లు శ్రీరాంపూర్."

దీప నవ్వు ఆగిపోయింది. చివరి వాక్యం అప్పుడు చదువుకుంది. "అయిపోయినంక మీ ఇంటికి వస్త."

"ఆ తొమ్మిదిమంది గూడ గిట్లనే చెయ్యలేదా?" అన్నాను. "అంకె మార్చకుంట పెట్టిన్రు."

"నువ్వు నన్ను కాపీ కొట్టనిచ్చింది గిదొక్కటే" అంది దీప. "గిది గూడ తప్పే పోయింది."

జూలై 17, గురువారం

దీపకు పద్నాలుగు. ఇవాళ మిఠాయి మా అమ్మ పంచింది. రుత్విక్‌కు తొమ్మిది, దసరా బ్యాచి.

జూలై 20, ఆదివారం

పోక తప్పలేదు. దీప సాకులు మొదలుపెట్టింది, వాన, తలనొప్పి. నా దగ్గర అవి నడవవు. పైగా జైపాల్ కాక వాకిట్లోంచి, "రాసినవా లేదా? రాస్తే పో" అన్నాడు.

బస్సులో గోదావరి దాటి, మంచిర్యాల మీదుగా శ్రీరాంపూర్. వంతెన మీద కిటికీలోంచి నీళ్లు చూస్తూ దీప, "పరీక్షల నన్ను ఎవరన్న అడిగితే ఇంక ఉట్టి 'పంపను' అని రాస్త" అంది. "రాయి," అన్నాను, "కాని వస్తనన్నది కూడ రాయి. మంచి సర్వపిండి దొరుకుతది."

రుత్విక్ వాళ్లమ్మ శోభక్క మమ్మల్ని చూసి కంగారు పడింది. ఇద్దరు ఆడపిల్లలు వాళ్ల కొడుకును వెతుక్కుంటూ నది దాటి వచ్చారు కదా. "ఏం చేసిండు బిడ్డ మావోడు?" అంది. "ఏం చెయ్యలేదు అక్క, అందుకే వచ్చినం" అన్నాను. అగరుబత్తి అడిగితే ఇంకా భయపడింది.

వాళ్ల క్వార్టరు వరండా మా సందు కన్నా వెడల్పు. గాలి కూడా బాగుంది. రుత్విక్ పొగ వెనక పరుగెత్తి, లెక్క వేసి, తప్పు వేసి, మళ్లీ వేసి సరిగ్గా చెప్పాడు. వాడికి నేర్పింది దీప, నేను కాదు. నేను శోభక్క పెట్టిన అటుకులు తింటూ కూర్చున్నాను. దీప గంభీరంగా వీరేందర్ సార్ లాగే, "వేగం నిమిషానికి మార్చుకున్నవా లేదా?" అంటోంది. వాడు తల గోక్కుంటున్నాడు. అది లెక్కలు చెప్పే రోజు ఒకటి వస్తుందని నేను అనుకోలేదు. అనుకుని ఉండాల్సింది.

తిరిగి వచ్చేటప్పుడు రుత్విక్ బస్టాండు దాకా వచ్చాడు. "దసరాకు నేను దిగుత" అన్నాడు. "పంపకపోతిరి గాని, వచ్చిన్రు" అన్నాడు. ఆ మెసేజీ సంగతి తెలిసిన రోజు నుంచే మా క్లాసులో దీపను అందరూ 'దీపా పంపను' అనే పిలుస్తున్నారు. దానికి చాలా ఇష్టంగా ఉంది, పైకి మాత్రం కోపం.

జూలై 23, బుధవారం

దిగాం.

నెత్తికి లైటు, నడుముకు గ్యాసు వస్తే నోటికి పెట్టుకుని ఊపిరి తీసుకునే డబ్బా, కాళ్లకు మాకన్నా పెద్ద బూట్లు. గేటు దగ్గర ఫోన్లు తీసుకుని ఒక డబ్బాలో వేసేశారు. తాడుకు వేలాడే కుర్చీల్లో ఏటవాలుగా లోపలికి పోవాలి, ఒకరి వెనక ఒకరం. పక్కపక్కన కాదు, కాని ఒకే రోజు, ఒకే తాడు. వెనక కుర్చీలోంచి దీప గొంతు, "ఏడుస్తున్నవా?"

"లేదు. నువ్వు?"

"ఇంక లేదు. నువ్వు ఏడిస్తే ఏడుస్త."

ఎవరమూ ఏడవలేదు. కిందికి పోయేకొద్దీ పగటి వెలుగు పైన చిన్న గుండ్రంగా అయి, ఆరిపోయింది. గాలి ముఖానికి తగిలింది. ఏదో ఎరిగిన గాలిలాగే ఉంది, సందులోదే ఇక్కడ పెద్దదైనట్టు. ఒక మలుపు దగ్గర సార్ ఆపి, గాలి కొలిచే పరికరం మా చేతికిచ్చారు. దీప వెడల్పు అడిగింది, ఎత్తు అడిగింది, వేగం చూసింది, నేను నోరు తెరిచేలోపే లెక్క చెప్పేసింది. సార్ రాసుకున్నారు. నేను నా లెక్క కూడా వేసుకున్నాను, ఊరికే. అదే వచ్చింది. అదే రావడం నాకు ఎంత సంతోషంగా ఉందో రాయడం రావడం లేదు.

జైపాల్ కాకది కూడా ఇవాళ అదే గనిలో ఫస్టు షిఫ్టు. దూరంగా లైట్ల వరసలో ఒక లైటు మా వైపు రెండుసార్లు ఊగింది. మేం కూడా తలలు ఊపాం. ఎవరో వేరే మనిషి కూడా అయి ఉండొచ్చు. మేం మాత్రం కాకే అనుకున్నాం.

కాకా లోపలే, దీపా లోపలే. ఆ ఫోను మొదటిసారి సమ్మవ్వ చేతిలో ఉండిపోయింది. పైకి వచ్చి ఫోన్లు తీసుకోగానే నా దాంట్లో అవ్వ గొంతు మెసేజీ ఉంది. ఎట్లా పంపిందో దేవుడికే తెలియాలి, పక్కింటి పిల్లలు నొక్కి ఇచ్చి ఉంటారు. అంతా గాలి చప్పుడు, కోళ్ల చప్పుడు, నడుమ అవ్వ:

"పైకొచ్చినంక వస్తమన్నరు. సర్వపిండి పొయ్యి మీదున్నది. మళ్ల రాయకున్రి, రాన్రి."

దీప గేటు దగ్గర బూట్లు విప్పుతూ పిలుస్తోంది. ముఖం నిండా బొగ్గు. నేను ఈ నాలుగు మాటలు ఇక్కడే, మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. పేజీకి బొగ్గు అంటింది, పై వాక్యం కనపడడం లేదు.

చాలు. రాయడం ఆపి వెళ్తున్నాను.